సిబ్బందికి ఫిషింగ్ డ్రిల్: ఎర ఎలా ఎంచుకోవాలి, ఫలితం ఎలా చెప్పాలి (తరచుగా అడిగే ప్రశ్నలు)

మీ ఆఫీసులో ఫిషింగ్ డ్రిల్ నడిపే పని మీ మీద పడిందా? అంటే ఐటీ వాళ్లే ఒక ఉత్తుత్తి మోసపు మెయిల్ తయారుచేసి సిబ్బందికి పంపి, ఎవరు లింకు నొక్కారు, ఎవరు అనుమానించి రిపోర్ట్ చేశారు అని చూసే పని. మెయిల్ పంపడం ఒక పూట పని. ఏ ఎర వేయాలి, వచ్చిన లెక్కను ఎవరికి ఎలా చెప్పాలి అన్న రెండు చోట్లే చాలామంది చేతులు కాల్చుకుంటారు. అందుకే ఇక్కడ ఎక్కువ చోటు ఆ రెండింటికే ఇచ్చాను.

ఈ డ్రిల్ అసలు దేన్ని కొలుస్తుంది?

మేనేజ్‌మెంట్ అడిగేది ఎప్పుడూ ఒకటే: "ఎంత శాతం మంది నొక్కారు?" ఆ ఒక్క అంకె మీద ఆధారపడితే మోసపోతాం. ఎందుకంటే ఆ శాతం మనుషుల కంటే ఎక్కువగా ఎరను బట్టే మారుతుంది. అమెరికాలోని కాలిఫోర్నియా యూనివర్సిటీ శాన్ డియాగో ఆసుపత్రి వ్యవస్థలో 19,500 మందికి పైగా ఉద్యోగుల మీద ఎనిమిది నెలలపాటు పది రకాల ఎరలతో ఒక అధ్యయనం జరిగింది. 2025లో ప్రచురించిన ఆ ఫలితాల్లో ఒక ఎరకు 1.8 శాతం మంది పడితే, ఇంకో ఎరకు 30.8 శాతం మంది పడ్డారు. సంస్థ అదే, మనుషులూ వాళ్లే. కాబట్టి తక్కువ అంకె కావాలంటే తేలిక ఎర వేస్తే చాలు, బడ్జెట్ కోసం భయపెట్టే అంకె కావాలంటే గట్టి ఎర వేస్తే చాలు. ఈ రెండు పనులూ చేసేవాళ్లు ఉన్నారు.

నా లెక్కలో చూడాల్సినవి రెండు: మొదటి రిపోర్ట్ ఎన్ని నిమిషాల్లో వచ్చింది, మొత్తం ఎంతమంది రిపోర్ట్ చేశారు. 400 మంది ఉన్న చోట ఎవరో ఒకరు నొక్కుతారు, దాన్ని సున్నాకు తేలేం. కానీ నాలుగో నిమిషంలో ఎవరో ఒకరు రిపోర్ట్ చేసి, పదో నిమిషంలో మీవాళ్లు ఆ మెయిల్‌ను అందరి ఇన్‌బాక్సుల నుంచి లాగేయగలిగితే, నిజమైన దాడిలో ఆ నొక్కిన క్లిక్కుల్లో చాలావాటికి పస ఉండదు.

సిబ్బందికి ముందే చెప్పాలా? చెబితే అందరూ జాగ్రత్తపడిపోరా?

చెప్పాలి. తేదీ, ఎర చెప్పనక్కర్లేదు. "వచ్చే మూడు నెలల్లో కొన్ని డ్రిల్ మెయిల్స్ వస్తాయి, పేర్లు మీ మేనేజర్లకు వెళ్లవు, అప్రైజల్‌తో సంబంధం ఉండదు, అనుమానం వస్తే ఈ బటన్ నొక్కండి" అని రాస్తే చాలు. జాగ్రత్తపడితే మంచిదే కదా, మనం కోరుకునేదీ అదే. పైగా ఆ జాగ్రత్త వారం తిరక్కుండానే పలచబడిపోతుంది.

ఇంకో అడుగు ముందుకు వేసినవాళ్లూ ఉన్నారు. గూగుల్ భద్రతా విభాగం 2024లో బహిరంగంగా వాదించింది ఇదే: రహస్యంగా వల పన్నడం మానేసి, "ఇది డ్రిల్, నిజమైనది వస్తే ఇలా రిపోర్ట్ చేయండి, ఇప్పుడొకసారి చేసి చూపించండి" అని మెయిల్‌లోనే చెప్పేయమని. సిబ్బందికి, ఐటీకి మధ్య ఇప్పటికే ఎడముఖం పెడముఖంగా ఉన్న ఆఫీసులో మొదటి డ్రిల్‌గా నేను దీన్నే సూచిస్తాను. రిపోర్ట్ బటన్ ఎక్కడుందో కూడా తెలియని చోట రహస్య పరీక్ష పెట్టి ప్రయోజనం లేదు.

ఎవరెవరికి ముందుగా తెలిసి ఉండాలి?

హెచ్‌ఆర్, లీగల్, హెల్ప్‌డెస్క్ బాధ్యుడు, యూనియన్ ఉంటే దాని ప్రతినిధి. ఎర పూర్తి పాఠాన్ని హెచ్‌ఆర్ చదవాలి. ఎందుకంటే ఈ వారం ఎవరికి నోటీసులు వెళ్లబోతున్నాయో, ఏ టీమ్‌లో ఎవరు చనిపోయారో వాళ్లకు తెలుస్తుంది, మీకు తెలియదు.

సెక్యూరిటీ టీమ్‌లో కనీసం ఒకరికి తెలియాలి. కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ 2022 ఏప్రిల్ 28న ఇచ్చిన ఆదేశాల ప్రకారం ఫిషింగ్ లాంటి ఘటనలను గుర్తించిన 6 గంటల్లోగా దానికి నివేదించాలి. మీ డ్రిల్‌ను నిజమైన దాడి అనుకుని ఎవరో రాత్రికి రాత్రి ఆ నివేదిక పంపేస్తే తరువాత సర్దిచెప్పుకోలేక తల ప్రాణం తోకకొస్తుంది. అలాగే ఉద్యోగి కంగారుపడి సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేసేంత భయం పుట్టించే ఎర అయితే, ఆ ఎరలోనే ఏదో తేడా ఉన్నట్టు.

న్యాయమైన ఎర అంటే ఏమిటి?

నేను చూసేది ఇది. మెయిల్ అబద్ధమని తెలిసిన క్షణంలో ఆ మనిషికి "అరె, దొరికిపోయానే" అనిపించాలి తప్ప "నా అవసరంతో ఆడుకున్నారు" అనిపించకూడదు. ఈ తేడా మరిచిపోయినవాళ్లకు ఏమైందో చూడండి.

2020 సెప్టెంబరులో అమెరికా పత్రికా సంస్థ ట్రిబ్యూన్ పబ్లిషింగ్ తన ఉద్యోగులకు బోనస్ వస్తుందని, అది 10,000 డాలర్ల దాకా ఉండొచ్చని డ్రిల్ మెయిల్ పంపింది. అదే ఏడాది అక్కడ జీతాల కోతలు, ఉద్యోగాల కోతలు నడిచాయి. జర్నలిస్టులు ఆ మెయిల్‌ను బహిరంగంగా పెట్టి కడిగేశారు, సంస్థ క్షమాపణ చెప్పుకుంది. మూడు నెలలు తిరగకముందే, డిసెంబరులో, డొమైన్లు అమ్మే గోడాడీ అదే తప్పు చేసింది: పండగ కానుకగా 650 డాలర్ల బోనస్ అంటూ మెయిల్. సుమారు 500 మంది నొక్కారు. రెండు రోజుల తరువాత వాళ్లకు వచ్చింది బోనస్ కాదు, "మీరు పరీక్షలో తప్పారు, శిక్షణ తీసుకోండి" అన్న మెయిల్. అక్కడా క్షమాపణే. 2021లో ఇంగ్లండ్‌లో వెస్ట్ మిడ్లాండ్స్ ట్రెయిన్స్ సంస్థ, కోవిడ్ కాలంలో పనిచేసినందుకు ధన్యవాదాలు, బోనస్ ఇస్తున్నాం అని ఎర వేస్తే రైల్వే యూనియన్ రచ్చకెక్కింది.

నాలుగోది డబ్బు ఎర కాదు, అందుకే దాన్ని వేరుగా చెబుతున్నాను. 2024 ఆగస్టులో కాలిఫోర్నియాలోని శాంటా క్రూజ్ యూనివర్సిటీ, క్యాంపస్‌లో ఎబోలా కేసు బయటపడిందని డ్రిల్ మెయిల్ పంపింది. భయం సంగతి అలా ఉంచండి. రేపు నిజంగా ఆరోగ్య హెచ్చరిక పంపాల్సి వస్తే "ఇదీ డ్రిల్లే కాబోలు" అని జనం పక్కన పెట్టేస్తారు. అంటే సెక్యూరిటీ టీమ్ తన అంకె కోసం వేరే విభాగం మాటకున్న విలువను ఖర్చుపెట్టేసింది. ఆ యూనివర్సిటీ కూడా క్షమాపణ చెప్పింది.

"నిజమైన మోసగాళ్లు బోనస్ ఎరలే వేస్తారు కదా, మనం వేస్తే తప్పేంటి?"

ఈ వాదన ప్రతి మీటింగులోనూ వస్తుంది. వినడానికి బాగుంటుంది కానీ నిలబడదు. మోసగాడు మర్నాడు అదే క్యాంటీన్‌లో వాళ్ల పక్కన కూర్చుని టీ తాగడు, మీరు తాగాలి. మోసగాడికి వాళ్ల నమ్మకంతో పని లేదు, మీకు ఉంది. రేపు నిజమైన దాడిలో పొరపాటున నొక్కినవాళ్లు భయపడకుండా మీకు ఫోన్ చేయాలి కదా.

బోనస్ ఎరల గురించి నేర్పాలనుకుంటే నేర్పండి. నిజంగా వచ్చిన ఒక బోనస్ మోసపు మెయిల్ బొమ్మను శిక్షణలో చూపించి, ఎక్కడ తేడా కొడుతోందో అందరితో కలిసి వెతకండి. ఎవరినీ ఆశపెట్టి దించక్కర్లేదు.

మన ఆఫీసుల్లో ఏ ఎరలు వాడొచ్చు, ఏవి వద్దు?

రోజువారీ పనికి దగ్గరగా ఉండి, మనసుకు దూరంగా ఉండేవి వాడండి. పంచుకున్న డాక్యుమెంట్ లింకు, మెయిల్‌బాక్స్ నిండిపోయిందన్న నోటీసు, వెండర్ ఇన్‌వాయిస్, కొరియర్ డెలివరీ, స్కానర్ నుంచి వచ్చిన ఫైలు, పాస్‌వర్డ్ గడువు. ఇవి చప్పగా ఉన్నా నిజమైన దాడులు కూడా ఎక్కువగా ఈ దారుల్లోనే వస్తాయి.

జీతం, ఇంక్రిమెంట్, లేఆఫ్, పండగ అడ్వాన్సు, పీఎఫ్, వీసా, ఆరోగ్య బీమా, కుటుంబ సభ్యులకు ప్రమాదం, పోలీసు కేసు: వీటి జోలికి వెళ్లొద్దు. వీసా సంగతి ప్రత్యేకంగా చెప్పాలి. అమెరికాలో హెచ్1బీ మీద ఉన్న మనవాళ్లున్న టీమ్‌కు "మీ పిటిషన్‌లో లోపం" అని పంపితే, ఆ పదిహేను నిమిషాలు వాళ్లు పడే బాధను ఏ శిక్షణా సమర్థించలేదు. "డిజిటల్ అరెస్ట్" కూడా అంతే. ఆ మోసంలో కుటుంబాల పొదుపంతా పోగొట్టుకున్నవాళ్లు మీ సిబ్బంది ఇళ్లలోనే ఉండొచ్చు.

ఫారం 16 గురించి తరచూ అడుగుతారు. జూన్‌లో నిజమైన ఫారం 16 మెయిల్స్ వచ్చే రోజుల్లోనే అలాంటి ఎర వేస్తే జనం బాగా పడతారు, నిజమే. తరువాత అకౌంట్స్ వాళ్లు పంపే అసలు మెయిల్‌ను కూడా సగంమంది తెరవరు. ఆ ఫోన్లన్నీ అకౌంట్స్ వాళ్లే ఎత్తుకోవాలి. నేనైతే వద్దంటాను.

ఇంకొక హద్దు చట్టానిది. నిజమైన బ్యాంకు, ఆదాయపు పన్ను శాఖ, పోలీసు శాఖ లోగోలు, జాతీయ చిహ్నం డ్రిల్‌లో వాడకండి. అంతర్గత పరీక్ష అయినా ట్రేడ్‌మార్కు, చిహ్నాల దుర్వినియోగం చట్టాల చిక్కులు వేరే ఉంటాయి. కల్పిత కొరియర్ పేరు, కల్పిత వెండర్ పేరు పెట్టుకోండి. ఆ పేరుతో నిజమైన కంపెనీ లేదని కూడా చూసుకోండి.

ఎర ఎంత కష్టమైనదో ఎలా తేల్చాలి?

అమెరికా ప్రమాణాల సంస్థ నిస్ట్ దీనికోసం ఫిష్ స్కేల్ అనే పద్ధతి తయారుచేసింది. వాడుకునేవారి కోసం దాని మార్గదర్శిని 2023లో వచ్చింది. ఇందులో రెండు లెక్కలుంటాయి.

ఒకటి, మెయిల్‌లో పట్టుకోవడానికి ఎన్ని ఆనవాళ్లు ఉన్నాయి అన్నది. అక్షర దోషాలు, పొంతన లేని అడ్రస్, సరిగా లేని లోగో, తొందరపెట్టే మాట, పేరు లేని సంబోధన లాంటివన్నీ లెక్కపెడతారు. 8 లోపు అయితే తక్కువ ఆనవాళ్లు, 9 నుంచి 14 అయితే కొన్ని, 15 నుంచి పైకి అయితే చాలా.

రెండోది నాకు అసలైనదిగా అనిపిస్తుంది: ఆ కథ చదివేవాళ్ల పనికి ఎంత అతుకుతుంది? ఆఫీసు పద్ధతిని పోలి ఉందా, వాళ్ల పనికి సంబంధించిందా, అప్పుడు జరుగుతున్న సంగతులతో కలుస్తుందా, నొక్కకపోతే ఏదో అవుతుందన్న బెంగ పుట్టిస్తుందా అని నాలుగింటికి 0 నుంచి 8 వరకు మార్కులు వేస్తారు. ఆ మోసం గురించి ఇప్పటికే హెచ్చరించి ఉంటే అందుకు కొన్ని మార్కులు తీసేస్తారు. మిగిలిన మొత్తం 10 లోపు అయితే అతుకు తక్కువ, 18 నుంచి పైకి అయితే ఎక్కువ.

ఉదాహరణకు "జత చేసిన ఇన్‌వాయిస్ గడువు దాటింది, చూడండి" అన్న వెండర్ మెయిల్ తీసుకుందాం. ఆనవాళ్లు ఆరు. అకౌంట్స్ వాళ్లకు పద్ధతి పోలికకు 8, పనితో సంబంధానికి 8, సమయానికి 4, బెంగకు 4, ముందు హెచ్చరిక ఉంది కాబట్టి 2 తీసేస్తే 22. అతుకు ఎక్కువ, ఆనవాళ్లు తక్కువ, అంటే చాలా కష్టమైన ఎర. అదే మెయిల్ గోడౌన్ సిబ్బందికి వెళితే 2, 2, 4, 2, అందులోంచి 2 పోతే 8. అదే ఎర వాళ్లకు మధ్యస్థం.

అంటే ఒకే మెయిల్ రెండు విభాగాలకు రెండు వేర్వేరు పరీక్షలు అయింది. "అకౌంట్స్ వాళ్లే ఎక్కువమంది పడ్డారు" అని స్లైడ్ మీద వేసే ముందు ఈ సంగతి గుర్తుండాలి. ఇన్‌వాయిస్ తెరవడం వాళ్ల ఉద్యోగం.

టూల్ చూపించే క్లిక్కులను నమ్మొచ్చా?

నేరుగా నమ్మకూడదు. ఇది సాంకేతిక విషయమే అయినా అమాయకుల మీద నింద పడేది ఇక్కడే, అందుకే కాస్త వివరంగా చెబుతాను.

గోఫిష్ లాంటి టూల్స్ ప్రతి మనిషికీ వేరే లింకు పంపుతాయి. లింకు చివర ఆ మనిషి గుర్తు ఉంటుంది:

```
https://files.example.com/view?rid=Ab3xK9q
```

ఈ లింకును ఎవరు తెరిచినా ఆ క్లిక్ ఈ గుర్తు ఉన్న మనిషి ఖాతాలోనే పడుతుంది. మెయిల్ గేట్‌వేలు లింకు మంచిదా చెడ్డదా అని తామే ముందుగా తెరిచి చూస్తాయి. మెయిల్ చేరిన కొన్ని సెకన్లలోనే, క్లౌడ్ డేటా సెంటర్ ఐపీ నుంచి వచ్చిన క్లిక్ అయితే అది దాదాపుగా యంత్రానిదే. ఇంతకంటే దారుణం ఇంకొకటుంది. ఉద్యోగి అనుమానించి రిపోర్ట్ బటన్ నొక్కుతారు, ఆ మెయిల్‌ను పరీక్షించే వ్యవస్థ లింకును తెరుస్తుంది, అప్పుడు టూల్‌లో ఆ ఉద్యోగే నొక్కినట్టు కనిపిస్తుంది. సరిగ్గా చేసినవాళ్లే దోషుల జాబితాలోకి ఎక్కుతారు. హెల్ప్‌డెస్క్‌కు ఫార్వర్డ్ చేస్తే అక్కడివాళ్లు తెరిచి చూసినా ఇదే జరుగుతుంది.

కాబట్టి డ్రిల్‌కు ముందు రోజు నలుగురైదుగురి ఖాతాలకు పంపి, ఎవరూ నొక్కకుండా వదిలేయండి. క్లిక్కులు కనిపిస్తే అవి యంత్రాలవే. మైక్రోసాఫ్ట్ 365 వాడితే డిఫెండర్‌లో Advanced delivery కింద Phishing simulation ట్యాబ్‌లో మీ డొమైన్, ఐపీ, లింకులను నమోదు చేసుకోండి. ఆ తరువాత కూడా సమయం, ఐపీ చూసి వడకట్టాలి.

"మెయిల్ తెరిచారు" అన్న లెక్కను పూర్తిగా వదిలేయండి. యాపిల్ మెయిల్ లాంటివి బొమ్మలను ముందే దించేసుకుంటాయి, కొన్ని ప్రోగ్రాములు అసలు దించవు. అయినా మెయిల్ తెరవడం తప్పు కాదు కదా.

నకిలీ లాగిన్ పేజీ పెడితే పాస్‌వర్డులు మన దగ్గరికి వస్తాయా?

రాకూడదు. గోఫిష్‌లో Capture Passwords అన్న గడిని ఖాళీగా ఉంచండి. ఎవరైనా ఏదో టైప్ చేశారన్న సంగతి తెలిస్తే చాలు, ఏం టైప్ చేశారో అక్కర్లేదు. టైప్ చేసినవాళ్లలో కొందరు ఇంటి బ్యాంకు పాస్‌వర్డే ఇక్కడా వాడుతుంటారు, అది మీ సర్వర్‌లో పడి ఉండటం మీకే ముప్పు. ఆ పేజీకి హెచ్‌టీటీపీఎస్ తప్పనిసరి.

నొక్కినవాళ్లకు వెంటనే ఏం కనిపించాలి?

మూడు వాక్యాలు చాలు. "ఇది మన ఐటీ విభాగం పంపిన డ్రిల్. మీ పేరు మీ మేనేజర్‌కు వెళ్లదు. ఈ మెయిల్‌లో అడ్రస్ ఇలా తేడాగా ఉంది, ఇలాంటివి వస్తే ఈ బటన్ నొక్కండి." ఎర్ర రంగు, పుర్రె బొమ్మ, "మీరు హ్యాక్ అయ్యారు!" లాంటివి వద్దు. పక్క సీటువాళ్లు ఆ స్క్రీన్ చూస్తారు.

దాని వెనకాల అరగంట వీడియో తగిలించకండి. పైన చెప్పిన శాన్ డియాగో అధ్యయనంలో శిక్షణ పొందినవాళ్లకు, పొందనివాళ్లకు మధ్య పడిపోయే రేటులో తేడా 1.7 శాతమే. ఆ పేజీలను చాలామంది నిమిషం లోపే మూసేశారు. అంతకుముందే స్విట్జర్లాండ్‌లో ఈటీహెచ్ జ్యూరిక్ పరిశోధకులు ఒక పెద్ద కంపెనీలో 14,000 మందికి పైగా ఉద్యోగులతో 15 నెలలు చూశారు. నొక్కగానే పాఠం చెప్పే పద్ధతి అక్కడ కాపాడకపోగా, కొంతమందిని మరింత సులభంగా పడేలా చేసినట్టు తేలింది. అదే అధ్యయనంలో ఉద్యోగుల రిపోర్టుల ద్వారా దాడులను త్వరగా పట్టుకోవడం మాత్రం బాగా పనిచేసింది, నెలలు గడిచినా వాళ్లు రిపోర్ట్ చేయడం మానలేదు. నేను రిపోర్టుల వైపు ఇంత మొగ్గు చూపడానికి కారణం ఇదే.

ఫలితాల రిపోర్టులో ఏం ఉండాలి? ఒక ఉదాహరణ చూపించండి.

లెక్క అర్థం కావడానికి ఒక కల్పిత కంపెనీ తీసుకుందాం. ఉద్యోగులు 400, మెయిల్ చేరింది 380 మందికి. ఎర పైన చెప్పిన ఇన్‌వాయిస్. టూల్ చూపిన క్లిక్కులు 71. వాటిలో 23 మెయిల్ చేరిన సెకన్లలోనే డేటా సెంటర్ల నుంచి వచ్చినవి, తీసేశాం. మిగిలినవి 48, అంటే 12.6 శాతం. నకిలీ పేజీలో ఏదైనా టైప్ చేసినవాళ్లు 11 మంది. రిపోర్ట్ చేసినవాళ్లు 95 మంది, సరిగ్గా 25 శాతం. వాళ్లలో 14 మంది ముందు నొక్కి, తేరుకుని, తరువాత రిపోర్ట్ చేశారు. మొదటి రిపోర్ట్ నాలుగో నిమిషంలో వచ్చింది.

విభాగాల వారీగా చూస్తే అకౌంట్స్‌లో 36 మందిలో 13 మంది నొక్కారు, గోడౌన్‌లో 120 మందిలో ఆరుగురు, మిగతా 224 మందిలో 29 మంది. 36 శాతం, 5 శాతం, 13 శాతం. వీటిని బార్ చార్టుగా వేస్తే అకౌంట్స్ తలవంచుకోవాలి. కానీ రిపోర్టులు కూడా చూడండి: ఆ 36 మందిలో 18 మంది రిపోర్ట్ చేశారు, సగం. గోడౌన్‌లో 120కి 9. నిజమైన దాడి జరిగితే ఆ కంపెనీని కాపాడేది అకౌంట్సే. గోడౌన్‌లో క్లిక్కులు తక్కువగా ఉండటానికి కారణం జాగ్రత్త కాకపోవచ్చు, షిఫ్టులో మెయిల్ చూసే తీరికే లేకపోయి ఉండొచ్చు.

మేనేజ్‌మెంట్‌కు వెళ్లే కాగితం ఇలా ఉంటే సరిపోతుంది:

"అకౌంట్స్ సిబ్బందికి చాలా కష్టమైన స్థాయిలోనూ, గోడౌన్‌కు మధ్యస్థంగానూ ఉన్న ఇన్‌వాయిస్ ఎరతో డ్రిల్ జరిగింది. 4 నిమిషాల్లో మొదటి రిపోర్ట్ అందింది. నలుగురిలో ఒకరు రిపోర్ట్ చేశారు. మెయిల్‌ను అందరి ఇన్‌బాక్సుల నుంచి తీసేయడానికి మాకు 52 నిమిషాలు పట్టింది, దీన్ని 15కి తగ్గించాలి. గోడౌన్ షేర్డ్ కంప్యూటర్లలో రిపోర్ట్ బటన్ లేదు, ఈ నెలలో పెడతాం. బయటి నుంచి వచ్చే ఇన్‌వాయిస్‌లకు అకౌంట్స్‌కు వేరే మెయిల్‌బాక్స్ ఇవ్వాలని ప్రతిపాదిస్తున్నాం."

ఇందులో చేయాల్సిన పనులన్నీ ఐటీవే, గమనించారా? అలా ఉండాలి. 52 నిమిషాల ఆలస్యం సిబ్బంది తప్పు కాదు, మనది.

విభాగాల పేర్లు పెట్టొచ్చా?

పెద్ద విభాగాలకు పెట్టొచ్చు, కష్టం స్థాయి పక్కనే రాస్తే. పది మంది కంటే తక్కువ ఉన్న టీమ్‌ను వేరుగా చూపించకండి, "ఇతరులు"లో కలిపేయండి. ఆరుగురి టీమ్‌లో 33 శాతం అంటే ఇద్దరు. ఆ ఇద్దరెవరో మధ్యాహ్నం భోజనాల వేళకల్లా అందరికీ తెలిసిపోతుంది. పేరు రాయకుండానే పేరు చెప్పినట్టు.

డైరెక్టర్ గారు పేర్లు అడిగితే ఏం చేయాలి?

అడుగుతారు. అందుకే డ్రిల్‌కు ముందే ఒక పేజీ నియమం రాయించి, ఆయన సంతకం తీసుకోండి. పేర్ల జాబితా ఇద్దరే చూస్తారని, ఎన్ని రోజుల తరువాత చెరిపేస్తారని అందులో ఉండాలి. డ్రిల్ అయ్యాక వాదించడం కష్టం, ముందైతే తేలిక.

అప్పటికీ అడిగితే నేను చెప్పే మాట ఇది: "సార్, పేర్లు ఇస్తాను. కానీ రేపు ఎవరైనా నిజమైన లింకు నొక్కితే మనకు చెప్పరు. నొక్కిన పది నిమిషాల్లో చెబితే పాస్‌వర్డ్ మార్చి ఆపగలం. రెండు రోజులు దాచిపెడితే ఆపలేం. మీకు ఏది కావాలి?" ఎక్కువమంది ఇక్కడ ఆగుతారు. సిబ్బందికి "పేర్లు మేనేజర్లకు వెళ్లవు" అని మీరు ముందే రాసిచ్చిన సంగతి కూడా గుర్తు చేయండి, మాట తప్పినట్టవుతుంది.

2023 డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం ఉద్యోగ అవసరాలకు, సంస్థను నష్టం నుంచి కాపాడుకోవడానికి సమాచారం వాడుకోనిస్తుంది. ఎవరు నొక్కారో గ్రూపులో పెట్టడం అందులోకి వస్తుందని మీ లాయరు సంతకం చేస్తారేమో అడిగి చూడండి.

ప్రతిసారీ నొక్కేవాళ్లు కొందరుంటారు. వాళ్లనేం చేయాలి?

ముందు వాళ్ల పని చూడండి. రిక్రూటర్ రోజుకు పదుల కొద్దీ ముక్కూముఖం తెలియని మనుషుల రెజ్యూమేలు తెరవాలి. రిసెప్షన్, పర్చేజ్, కస్టమర్ సపోర్ట్ కూడా అంతే. వాళ్లను "తెలియనివి తెరవొద్దు" అంటే ఉద్యోగం మానేయమన్నట్టే. వాళ్లకు కావాల్సింది పాఠం కాదు, రక్షణ: పాస్‌వర్డ్ దొంగిలించినా పనికిరాకుండా చేసే సెక్యూరిటీ కీ లేదా పాస్‌కీ, అటాచ్‌మెంట్లు విడిగా తెరిచే ఏర్పాటు.

మాట్లాడాల్సి వస్తే సెక్యూరిటీ టీమ్ వాళ్లు ఒంటరిగా మాట్లాడాలి, మేనేజర్ కాదు. "మీరు మళ్లీ నొక్కారు" అని మొదలుపెట్టకండి. "అమ్మా, మీకు రోజూ ఎలాంటి మెయిల్స్ వస్తాయో ఒక పావుగంట చూపిస్తారా?" అని అడగండి. ఫోన్‌లో మెయిల్ చూస్తే పంపినవాళ్ల అసలు అడ్రస్ కనిపించడం లేదనో, కళ్లజోడు మార్చుకోవాల్సి ఉందనో, రెండు నిమిషాల్లో జవాబివ్వకపోతే తన బాస్ ఫోన్ చేస్తారనో తెలుస్తుంది. ఆ మూడో కారణానికి మందు ఆవిడ దగ్గర లేదు.

మెయిల్ రాగానే ఒకరు వాట్సాప్ గ్రూపులో "ఇది ఫేక్, నొక్కకండి" అని పెట్టేశారు. డ్రిల్ చెడిపోయినట్టేనా?

లెక్క చెడింది, పని బాగా జరిగింది. నిజమైన దాడిలో మీరు కోరుకునేది సరిగ్గా ఇదే. ఆ మనిషిని మందలించకండి. వాట్సాప్‌తో పాటు బటన్ కూడా నొక్కమని చెప్పండి, ఎందుకంటే వాట్సాప్ సందేశం మీ టీమ్‌కు చేరదు.

రిపోర్ట్ చేసినవాళ్లకు బహుమతులు, విభాగాల మధ్య పోటీ పెట్టొచ్చా?

పోటీ వద్దు. ఓడిపోయిన విభాగం ఉంటుంది, మళ్లీ అదే సిగ్గు దొడ్డిదారిన వస్తుంది. ప్రతి రిపోర్టుకూ మనిషి రాసిన జవాబు వెళ్లేలా చూడండి, అది ఏ బహుమతి కంటే మేలు. "చూశాం, ఇది మోసమే, తీసేశాం, థ్యాంక్స్" లేదా "ఇది మంచి మెయిలే, అయినా అడిగినందుకు థ్యాంక్స్". రెండోదాన్ని విసుగు లేకుండా పంపడం ముఖ్యం. మూడుసార్లు జవాబు రాకపోతే నాలుగోసారి ఎవరూ బటన్ నొక్కరు.

ఎన్నాళ్లకొకసారి?

మూడు నెలలకొకటి చాలు. ప్రతి వారం పంపితే జనం అన్ని మెయిల్స్‌నూ అనుమానించి పనులు ఆపేస్తారు, లేదా దేన్నీ పట్టించుకోరు. ఏడాదిలో ఒక డ్రిల్ అయినా మొదటిదాని కష్టం స్థాయిలోనే ఉండాలి, లేకపోతే పోల్చడానికి ఏమీ ఉండదు.

డ్రిల్ బెడిసికొట్టింది, సిబ్బంది కోపంగా ఉన్నారు. ఇప్పుడేం చేయాలి?

అదే రోజు, ఆ ఎరను ఆమోదించిన అధికారి పేరుతో క్షమాపణ పంపండి. "ఎవరైనా బాధపడి ఉంటే" అని రాయకండి, బాధపడ్డారు కాబట్టే రాస్తున్నారు. ఎర ఎందుకు తప్పో ఒక వాక్యంలో చెప్పండి. ఆ డ్రిల్‌లో వ్యక్తుల వారీగా చేరిన సమాచారమంతా చెరిపేసి, ఆ సంగతి తెలియజేయండి. నొక్కినవాళ్లకు కేటాయించిన శిక్షణ ఉంటే రద్దు చేయండి. తరువాతి ఎరను పంపే ముందు చదవడానికి సిబ్బందిలో ఇద్దరు ముగ్గురిని, వీలైతే ఈసారి గట్టిగా ఫిర్యాదు చేసినవాళ్లనే, పిలవండి.